రేటు మారిన రోజు ఉదయం

ప్రశ్న: నేను విద్యాశాస్త్రంలో పరిశోధన విద్యార్థినిని. గణిత బోధన నా రంగం. రెండు నెలల్లో అంశం తేల్చమని మా గైడ్ గారు గడువు పెట్టారు. ఏ పేపరు తెరిచినా నేను అనుకున్నది ఎవరో అప్పటికే చేసేసినట్టు కనిపిస్తోంది. పైగా కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. ఇంటర్వ్యూలు, సర్వేలు నా వల్ల కావు. నాలాంటివాళ్లకు అంశం ఎలా దొరుకుతుంది?

సమాధానం: నా దగ్గర పరిశోధనకు చేరిన ఒక అమ్మాయి మొదటి ఏడాదంతా సెమినార్లలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆమెకు అంశం దొరికింది సెలవు రోజుల్లో మార్కెట్లో అమ్మమ్మ కూరగాయల కొట్టు దగ్గర సంచులు అందిస్తూ, చిల్లర తీసి ఇస్తూ నిలబడినప్పుడు. ఆమె ఏ రోజున ఏం రాసుకుందో, ఆ రాసుకున్నది ప్రశ్నగా మారడానికి ఎన్ని మెట్లు పట్టాయో నాకు బాగా గుర్తుంది కాబట్టి అదే మీకు చెబుతాను.

మొదట ఆమె తెచ్చిన కాగితం మీద ఒకే వాక్యం ఉంది: అమ్మమ్మ కాగితం, క్యాలిక్యులేటర్ ఏదీ లేకుండా లెక్కలు తప్పు పోకుండా చేస్తుంది. ఇది ముచ్చటగానే ఉంది గానీ, మార్కెట్‌కు వెళ్లే ప్రతివారికీ తెలిసిన సంగతే కదా అన్నాను. ఆ మాటకు ఆమె ముఖం చిన్నబోయింది. అమ్మమ్మ గురించి కాకుండా ఒకే ఒక్క బేరం గురించి, తూకం ఎంత, రేటు ఎంత, అమ్మమ్మ నోట ఏ అంకెలు ఏ వరుసలో వచ్చాయో రాసుకురమ్మని పంపించాను. ఆ తర్వాతి వారం వచ్చిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. కిలో 36 చొప్పున, తూకం కిలో ముప్పావు. అమ్మమ్మ గొణిగిన మాటలు ఇవి: "రెండు కిలోలు డెబ్బై రెండు, పావు తొమ్మిది తీస్తే అరవై మూడు." కొనుగోలుదారు వంద ఇచ్చినప్పుడు చిల్లరను ఆమె కొనుగోలుదారు చేతిలో పెడుతూ లెక్కించింది: "అరవై మూడు, డెబ్బై, ఎనభై, వంద."

ఈ రెండు వాక్యాల్లో చాలా ఉంది. బడిలో నేర్పే పద్ధతిలో 36ను 1.75తో గుణించి, దశాంశ బిందువును సరిచూసుకుని, ఆ తర్వాత 100 నుంచి 63 తీసివేయాలి. అమ్మమ్మ మాత్రం ముప్పావును ముప్పావుగా చూడకుండా రెండు కిలోలకు పావు తక్కువగా చూసింది. తీసివేత చేయాల్సిన చోట పైకి కూడుకుంటూ పోయింది కాబట్టి లెక్క, చెల్లింపు, సరిచూపు మూడూ ఒకే కదలికలో అయిపోయాయి. అరచేతిలో చిల్లర పడుతున్న కొద్దీ కొన్నవారు కూడా వెంట లెక్కపెట్టుకోగలరు. అయితే ఇది కూడా ఇంకా వర్ణనే తప్ప ప్రశ్న కాలేదు.

ఆ దశలో ఆమె కూడా మీలాగే పేపర్లు చదివి నీరుగారిపోయింది. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో టెరెజిన్యా కరాహెర్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్ అనే ముగ్గురు పరిశోధకులు 1985లో ప్రచురించిన అధ్యయనం ఆమె చేతికి వచ్చింది. వీధుల్లో, సంతల్లో సరుకులు అమ్మే 9 నుంచి 15 ఏళ్ల వయసున్న పిల్లలు ఐదుగురి దగ్గరికి పరిశోధకులు కొనుగోలుదారులుగా వెళ్లి, ఇన్ని కొంటే ఎంత, ఇంత ఇస్తే చిల్లర ఎంత అని అడిగారు. అలా అడిగిన 63 లెక్కల్లో పిల్లలు 98 శాతం సరిగ్గా చేశారు. తర్వాత అవే అంకెలను కాగితం, పెన్సిలు ఇచ్చి అడిగితే మాటల రూపంలోని లెక్కల్లో దాదాపు 74 శాతం, వట్టి అంకెలతో ఇచ్చిన లెక్కల్లో 37 శాతం మాత్రమే సరిగ్గా వచ్చాయి. అంటే తాను చూసినదంతా ఎప్పుడో, ఎంతో బాగా, అచ్చయిపోయింది. ఇక నాకేం మిగిలింది మేడమ్ అని అడిగింది. ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటాను.

ఆ పేపర్లో అందరూ ఉదహరించే సంభాషణ ఒకటి ఉంది. కొబ్బరికాయ ఒక్కోటి 35 అయితే పది కాయలకు ఎంత అని అడిగితే, పన్నెండేళ్ల కుర్రవాడు పదితో గుణించి సున్నా చేర్చడు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిస్తే 210, ఇంకా నాలుగు కావాలి కదా అంటూ 315కు చేరి, చివరి కాయ కలిపి 350 అంటాడు. దాన్ని మేమిద్దరం కలిసి రెండోసారి చదివినప్పుడు ఆమె 105 దగ్గర ఆగింది. ముప్పై అయిదు మూళ్లు ఎంత అని అతడు లెక్కించినట్టు ఎక్కడా లేదు. నేరుగా 105తో మొదలుపెట్టాడు. ఆ 105 అతడికి అప్పటికే తెలిసి ఉండాలి. ఎప్పుడు తెలిసింది? ఎన్ని బేరాల తర్వాత? ఆ అధ్యయనం పోల్చినది సంతలో చేసే లెక్కకూ, కాగితం మీద చేసే లెక్కకూ ఉన్న తేడాను. ఒకే లెక్కను రోజంతా మళ్లీ మళ్లీ చేసే మనిషి లోపల ఏం జరుగుతుందన్నది దాని పని కాదు. అందరూ చేసేశారు అనిపించే పేపరును ఇలా ఒక్క వాక్యం దగ్గర ఆగి చదివితే, అది ఏ పోలిక చేసిందో, ఏ పోలిక చేయలేదో కనిపిస్తుంది. ముప్పై పేపర్ల సారాంశాలు చదవడం కన్నా ఇలా ఒక్కటి చదవడం మేలని నేను నమ్ముతాను.

అయినా ఆ రోజుకు ఆమె దగ్గర అంశం లేదు, ఒక అనుమానం మాత్రమే ఉంది. అంశం దొరికింది రేటు మారిన రోజున. కిలో 36 ఉన్న సరుకు ఆ తెల్లవారి 44 అయింది. కొట్టు తెరిచిన తర్వాత వచ్చిన మొదటి కిలో ముప్పావు బేరానికి అమ్మమ్మ తక్కెడ వైపే చూస్తూ, "రెండు కిలోలు ఎనభై ఎనిమిది, పావు పదకొండు తీస్తే డెబ్బై ఏడు" అని వినపడేలా గొణిగింది. మధ్యాహ్నానికి మళ్లీ అదే తూకం వచ్చింది. సంచి మూతి ఇంకా ముడి వేయకముందే అమ్మమ్మ "డెబ్బై ఏడు" అనేసింది. వెనక నిలబడ్డ మనవరాలు నోటు పుస్తకంలో రాసుకున్నది ఇంతే: ఈసారి గొణగలేదు. ఎందుకు?

ఆ ఒక్క పదమే ఆమె అంశానికి విత్తనం. అదే మనిషి, అదే సరుకు, అదే తూకం, అదే రేటు. మారినది వేళ ఒక్కటే. ఒకే పని రెండుసార్లు రెండు రకాలుగా జరిగిందంటే, ఆ రెండింటి మధ్య ఏదో మారిందన్నమాట. ఆ మారినదాన్ని వెతకడానికి మనకు ఒక దారి దొరుకుతుంది. అమ్మమ్మ గొప్పగా లెక్కిస్తుంది అనే వాక్యంలో ఆ దారి లేదు, ఎందుకంటే అందులో పోల్చి చూడటానికి రెండోది లేదు.

దీనికి రెండు వివరణలు సాధ్యం. పొద్దుటి నుంచి లెక్కించీ లెక్కించీ 44తో చేసే ఏ లెక్కైనా అమ్మమ్మకు వేగంగా సాగుతూ ఉండవచ్చు. లేదా ఆమె ఇప్పుడు లెక్కించడమే మానేసి, కిలో ముప్పావు అంటే డెబ్బై ఏడు అని గుర్తు తెచ్చుకుంటూ ఉండవచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసే ఉపాయం మార్కెట్‌తో ఏ సంబంధమూ లేని ఒక ప్రయోగంలో దొరికింది. మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ లోగన్ 1988లో ప్రచురించిన పేపర్లో మనుషుల చేత అక్షరాలతో కూడికలు చేయించారు: ఇంగ్లీషు అక్షరమాలలో ఎ నుంచి రెండు అక్షరాలు ముందుకు వెళితే సి వస్తుందా, మూడు వెళితే డి వస్తుందా, ఇలా. మొదట్లో ఎన్ని అక్షరాలు ముందుకు వెళ్లాలో అంత ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే మనిషి వేళ్ల మీద లెక్కించినట్టు ఒక్కొక్కటీ దాటుతున్నాడు. అవే జతలను రోజుల తరబడి సాధన చేస్తే రెండు దాటినా, అయిదు దాటినా దాదాపు ఒకే సమయం పడుతుంది. లెక్క చిన్నదా పెద్దదా అన్న తేడా పోయిందంటే అక్కడ లెక్క జరగడం లేదని, జవాబు నేరుగా జ్ఞాపకం నుంచి వస్తోందని అర్థం. ఆ వరుసలో తర్వాత జరిగిన ప్రయోగాల్లో సాధన చేయని కొత్త అక్షరాలు ఇచ్చినప్పుడు ఆ తేడా మళ్లీ కనిపించింది.

దీన్ని అమ్మమ్మ కొట్టుకు తెచ్చి చూడండి. ఉదయం పూట కిలోకు తక్కువ సమయం, కిలో ముప్పావుకు ఎక్కువ సమయం పట్టాలి. మధ్యాహ్నానికి తరచుగా వచ్చే తూకాలన్నింటికీ సమయం దాదాపు సమానమైపోవాలి. అదే మధ్యాహ్నం అరుదైన తూకం ఒకటి వస్తే గొణుగుడు తిరిగి రావాలి. మూడోదే అసలు పరీక్ష. ఆమె పుస్తకంలో అలాంటి బేరం ఒకటి అప్పటికే ఉంది: అదే రోజు మధ్యాహ్నం కిలో మూడు వందల యాభై గ్రాములు తూగినప్పుడు అమ్మమ్మ ఒక్క క్షణం ఆగి, "కిలో నలభై నాలుగు, పావు పదకొండు, యాభై అయిదు, వంద గ్రాములు నాలుగు చిల్లర" అని, యాభై తొమ్మిది ఇమ్మంది. కచ్చితమైన మొత్తం 59.40. వేగం అన్ని లెక్కలకూ పెరిగి ఉంటే ఇక్కడ ఆగాల్సిన పని లేదు. ఒక్క బేరంతో ఏదీ రుజువు కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఏ బేరాలు ఎదురైతే తన అనుమానం తప్పని తేలుతుందో ఆమె ఇప్పుడు చెప్పగలదు. అది చెప్పగలిగిన రోజునే నేను అంశం కుదిరిందన్నాను. పుస్తకంలో ఆమె రాసుకున్న పేరు ఇది: కొత్త ధర వచ్చిన రోజున అమ్మకందారు లెక్కింపు నుంచి జ్ఞాపకానికి ఎలా మారతారు.

ఇక పొరపాట్లు. మొదటిది సమయం కొలవడంలో వచ్చింది. సరుకు తక్కెడలో పడినప్పటి నుంచి డబ్బు చేతిలో పడేవరకు ఆమె గడియారం చూసింది. అందులో తూకం సరిచేయడం, సంచి వెతకడం, కొనేవారితో మాటలు అన్నీ కలిసిపోయి ఉదయానికీ మధ్యాహ్నానికీ ఏ తేడా కనిపించలేదు. తూకం నిలిచిన క్షణం నుంచి ధర నోట వచ్చిన క్షణం వరకే కొలవాలని, మధ్యలో ఎవరైనా మాట కలిపితే ఆ బేరాన్ని వదిలేయాలని తర్వాత నిర్ణయించుకుంది. సగానికి సగం బేరాలు వదిలేయాల్సి వచ్చినప్పుడు ఎంతో బాధపడింది గానీ, మిగిలినవే ఆమెకు పనికొచ్చాయి. ధరను కూడా తానే చూపించే ఎలక్ట్రానిక్ కాటాలు ఉన్న కొట్లను కూడా మొదటే పక్కన పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే అక్కడ మనిషి లెక్కించడం లేదు, తెర మీది అంకెను చదువుతున్నాడు.

రెండో పొరపాటు ఇంతకన్నా ఎక్కువ నేర్పించింది. సాయంత్రం ఇంటికి వెళ్లాక, ఎలా లెక్కపెట్టావు అమ్మమ్మా అని అడిగితే, "రెండు కిలోల్లోంచి పావు తీసేయడమేనే, ఎప్పుడైనా అంతే" అందామె. పుస్తకం చూస్తే మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా అలా చేసిన గుర్తు లేదు. అమ్మమ్మ అబద్ధం ఆడలేదు. మనం చేసిన పనిని తర్వాత ఎప్పుడో చెప్పమంటే, చేసినట్టుగా కాకుండా చేయాల్సిన తీరుగా చెబుతాం. అనుభవాన్ని మాటల్లో చెప్పించే పద్ధతుల మీద ఎరిక్సన్, సైమన్ 1980లో రాసిన పేపరు ఈ జాగ్రత్తనే నొక్కి చెబుతుంది: పని చేస్తుండగా గానీ, అయిన వెంటనే గానీ చెప్పించిన మాటకున్న నమ్మకం ఆలస్యంగా చెప్పించిన మాటకు ఉండదు. అప్పటి నుంచి ఆమె కొనేవారు వెనక్కి తిరగగానే అడగడం మొదలుపెట్టింది. అప్పుడు వచ్చిన జవాబు, "ఏమోనే, నోటికి వచ్చేసింది." పరిశోధకురాలికి ఈ జవాబు బంగారం. కానీ ఇలా ప్రతి బేరం తర్వాతా అడిగితే, మనవరాలి కోసం అమ్మమ్మ అన్నీ పైకి చెప్పడం మొదలుపెడుతుంది. అడిగిన రోజుల్లో గొణుగుడు పెరిగి, అడగని రోజుల్లో తగ్గడం చూసి ఆమె ఈ సంగతి పట్టుకుంది. ఆ తర్వాత పూటకు రెండు మూడుసార్లకు మించి అడగలేదు.

మీ భయం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ మొత్తం పనిలో ఆమె ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయలేదు. రెసీఫెలో కూడా పరిశోధకులు ప్రశ్నాపత్రం పట్టుకుని వెళ్లలేదని, కొంటూ అడిగారని గుర్తుంచుకోండి. మాట్లాడని మనిషి కొట్టు వెనక నిలబడితే అమ్మేవారు తమ పనిలో తాము ఉంటారు, పెదవుల మీద లెక్క పెదవుల మీదనే సాగుతుంది. పక్క కొట్లవాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చినప్పుడు అమ్మమ్మే వెంట వెళ్లి, "మా పిల్ల, పొద్దుటి పూట నీకు సాయంగా ఉంటుంది, ఏదో రాసుకుంటుందట" అని అప్పజెప్పింది. సాయానికి చేతులు దొరికితే కాదనేవారు తక్కువ. అయితే ఏం రాసుకుంటుందో, ఎందుకో వారికి తేటగా చెప్పి ఒప్పుకోలు తీసుకునే పని మాత్రం ఆమే చేయాల్సి వచ్చింది. నాలుగు వాక్యాలు ముందుగా రాసుకుని, వాటినే ప్రతి చోటా చెప్పింది. మొదటి కొట్టు దగ్గర గొంతు వణికిందని నాతో అంది. నాలుగో కొట్టు దగ్గరికి ఆ వాక్యాలు ఆమెకు కంఠతా వచ్చేశాయి.

అనుమతి విషయంలో తొందరపడకండి. మీ సంస్థ నైతిక సమీక్ష సంఘం ఒప్పుకోక ముందు రాసుకున్నది ప్రశ్నను రూపొందించుకోవడానికి పనికొస్తుంది గానీ, దాన్ని దత్తాంశంగా చూపించకూడదు. ఆ అమ్మాయి అమ్మమ్మ కొట్టులో రాసుకున్నదంతా ప్రాథమిక పరిశీలనగానే ఉంచి, అసలు అధ్యయనంలో అమ్మమ్మను చేర్చలేదు. బంధువు కావడం ఒక కారణమైతే, తాను ఏం వెతుకుతోందో అమ్మమ్మకు అప్పటికే తెలిసిపోవడం అంతకన్నా పెద్ద కారణం. కొనేవారి గొంతులు పడతాయని రికార్డింగు కూడా పెట్టుకోలేదు. తూకం, రేటు, నోట వచ్చిన అంకెలు, వేళ, ఇంతవరకే రాసింది.

మీరు మార్కెట్‌కే వెళ్లాలని నేను అనడం లేదు. వారంలో ఒక్కసారైనా సాయానికి నిలబడే చోటు మీకూ ఏదో ఒకటి ఉంటుంది: కుట్టుపని జరిగే గది కావచ్చు, మందుల కొట్టు కావచ్చు, తమ్ముడి చేత హోంవర్కు చేయించే బల్ల కావచ్చు. అంకెలతో, కొలతలతో ఎవరో ఒకరు అక్కడ రోజూ ఒకే రకం పని చేస్తుంటారు. మూడు వారాల పాటు ఏ అభిప్రాయమూ రాయకుండా, జరిగినది జరిగినట్టు, నోట వచ్చిన మాట వచ్చినట్టు రాయండి. రోజుకు అయిదారు సంఘటనలు చాలు. నాలుగో వారం కూర్చుని, ఒకే పని రెండుసార్లు వేరువేరుగా జరిగిన జతల కోసం వెతకండి. ఒక్క జత కూడా కనిపించకపోతే ఆ చోటును వదిలి మరో చోటు చూడండి. అప్పటికీ మీ గడువులో సగం మిగిలి ఉంటుంది. కనిపిస్తే దానికి రెండు వివరణలు రాయండి. ఆ రెండింటిలో ఏది తప్పో తేల్చే మూడో సంఘటన ఎలా ఉండాలో ఊహించి రాయండి. చదువు ఆ తర్వాత మొదలుపెడితే ఏ పేపరు మీ ప్రశ్నకు దగ్గరిదో, ఏది దూరమో మీకే తెలుస్తుంది.

ఆ జతను, రెండు వివరణలను, మూడో సంఘటనను ఒకే పేజీలో రాసి, గైడ్ గారిని కలిసే ముందు రోజే పంపించండి. అప్పుడు ఆ గదిలో మీరు మొదలుపెట్టి మాట్లాడాల్సిన పని ఉండదు. ఆయన ఆ పేజీ చేతిలో పట్టుకుని అడుగుతారు. జవాబులు మీ నోటు పుస్తకంలో ఉంటాయి.